మాక్ టెస్ట్ తర్వాత తప్పుల్ని నేనెలా సరిచేసుకున్నానంటే

చెల్లీ,

నిన్న మారతహళ్లి పీజీలో నీ క్లాట్ మాక్ పేపర్ చూశాను. తప్పుల పక్కన కీలోని జవాబు రాసి వదిలేశావు. నేనూ మొదట్లో అదే చేసేదాన్ని. లీగల్ రీజనింగ్‌లో అవే తప్పులు తిరిగి వచ్చేవి.

ఒకసారి పాసేజ్‌లో ఇలా ఉంది: అనుమతి లేకుండా వేరేవాళ్ల స్థలంలోకి వెళ్తే ట్రెస్‌పాస్, తనదే అనుకుని పొరపాటున వెళ్లినా బాధ్యత ఉంటుంది. ప్రశ్నలో ఒకాయన పక్క ప్లాటును తనదనుకుని కంచె వేశాడు. చెడు ఉద్దేశం లేదు కాబట్టి బాధ్యత లేదని పెట్టాను. క్రిమినల్ ట్రెస్‌పాస్‌కు ఉద్దేశం కావాలని అంతకుముందు చదివింది నా బుర్రలో ఉంది. పాసేజ్ మాట్లాడింది సివిల్ తప్పు గురించి. అంటే నాకు తెలిసిందే నన్ను ముంచింది.

అప్పటినుంచి కీ తెరవకముందే, అనుమానమున్న ప్రశ్నలన్నీ టైమ్ పెట్టుకోకుండా మళ్లీ చేశాను. రెండోసారి సరిగ్గా వస్తే అది తొందరపాటు. మళ్లీ అదే తప్పు పెడితే నియమమే సరిగ్గా అర్థం కాలేదన్నమాట. ఆపైన జవాబును నిర్ణయించే వాక్యం కింద గీత గీసి, తప్పు ఆప్షన్ నన్నెందుకు లాగిందో ఒక్క లైన్ రాసేదాన్ని. ‘బయటి జ్ఞానం’ అన్న మాట ఆ నోట్‌బుక్‌లో ఎన్నిసార్లు వచ్చిందో!

ఊహించి పెడితే సరిపోయిన జవాబుల్ని కూడా చూడు. తప్పుకు 0.25 మార్కు పోతుంది కదా, ఆ అదృష్టం ప్రతిసారీ ఉండదు. ఆదివారం పేపర్ తీసుకురా, కలిసి కూర్చుందాం.

అక్క