కరౌసెల్‌లో అక్షరాలు తెగిపోకుండా స్లైడ్లు ఎలా చేయాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో కరౌసెల్ పెట్టాక ఫీడ్‌లో అంతా బాగానే కనిపిస్తుంది. ప్రొఫైల్‌లోకి వెళ్ళి చూస్తే మాత్రం హెడ్డింగ్‌లో మొదటి అక్షరం సగం ఎగిరిపోయి ఉంటుంది. ఒకే బొమ్మను ఈ రెండు చోట్లా రెండు కొలతల్లో చూపించడమే దీనికి కారణం.

నిలువు పోస్టుకు చాలామంది వాడే కొలత 1080 వెడల్పు, 1350 ఎత్తు పిక్సెళ్ళు. అంటే 4:5 నిష్పత్తి. ఫీడ్‌లో ఇది పూర్తిగా కనిపిస్తుంది. ప్రొఫైల్ గ్రిడ్ ఒకప్పుడు చదరంగా ఉండేది, 2025 జనవరి నుంచి 3:4కి మారింది. ఎత్తు 1350 అలాగే ఉంచి 3:4 కావాలంటే వెడల్పు సుమారు 1012 చాలు. మిగిలిన 68 పిక్సెళ్ళను రెండు పక్కల నుంచీ సమానంగా, అంటే ఒక్కో వైపు 34 చొప్పున కోసేస్తారు. కాబట్టి పాత రోజుల్లోలా పైనా కిందా తెగుతుందని టెన్షన్ పడనక్కర్లేదు, ఇప్పుడు చూసుకోవాల్సింది పక్కలనే.

డిజైన్ యాప్‌లో 1080 × 1350 కాన్వాస్ తెరవండి. దాని మీద 1012 × 1350 పెట్టె ఒకటి గీసి, సరిగ్గా మధ్యకు తెచ్చి, లేత రంగు వేయండి. గ్రిడ్‌లో కనిపించేది ఆ పెట్టె లోపలి భాగమే. అయితే అక్షరాలను ఆ గీతకు ఆనించి పెట్టకూడదు. తెగకపోయినా, తెగినట్టే కనిపిస్తాయి. నేను ఎడమా కుడీ 90 చొప్పున వదిలి, 900 వెడల్పులోనే రాస్తాను. కోత పోయాక కూడా ఇంకా 56 పిక్సెళ్ళ ఖాళీ మిగులుతుంది, కంటికి హాయిగా ఉంటుంది.

ఒకసారి నేను ‘నిద్ర పట్టడానికి ఐదు మార్గాలు’ అన్న కవర్‌ను ఎడమ అంచు నుంచి 20 పిక్సెళ్ళే వదిలి పెట్టాను. గ్రిడ్ 34 కోసింది. అంటే ‘ని’లో 14 పిక్సెళ్ళు పోయాయి. ఫీడ్‌లో తప్పేమీ కనబడలేదు కాబట్టి రెండు రోజుల దాకా గమనించనేలేదు. అదే హెడ్డింగ్‌ను రెండు వరసలు చేసి 90 దగ్గర మొదలుపెడితే సరిపోయింది.

పైనా కిందా కోత లేదన్నాను కానీ, అక్కడ వేరే అడ్డంకులు ఉన్నాయి. ఫీడ్‌లో కుడివైపు పై మూలన ‘1/7’ అని స్లైడ్ సంఖ్య పడుతుంది, గ్రిడ్‌లో అదే మూలన కరౌసెల్ గుర్తు ఉంటుంది. ఎవరినైనా ట్యాగ్ చేస్తే ఎడమ కింది మూలన చిన్న గుర్తు వస్తుంది. పైనా కిందా 120 చొప్పున వదిలితే వీటి గొడవ ఉండదు. తెలుగుకు ఇంకో జాగ్రత్త కావాలి: గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు ఆఖరి వరసలో ఉంటే, టెక్స్ట్ పెట్టె అంచు చూసి కాదు, ఒత్తు చివర ఎక్కడ ముగుస్తుందో చూసి కొలవండి. వరసల మధ్య దూరం కూడా కాస్త పెంచండి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద ఎక్కి కూర్చుంటుంది.

లోపలి స్లైడ్లు గ్రిడ్‌లోకి రావు. వాటికి వేరే ప్రమాదం ఉంది. మొదటి స్లైడ్‌కు ఏ నిష్పత్తి ఉంటే మిగతావన్నీ దానికే సర్దుకుంటాయి. కవర్ చదరంగా 1080 × 1080 చేసి లోపల 1350 ఎత్తువి పెడితే, ఒక్కో దాంట్లో పైన 135, కింద 135 పోతాయి. పేజీ అడుగున రాసిన సంగతులే ముందు మాయమవుతాయి. పైగా చదరపు కవర్ గ్రిడ్‌లో పక్కల నుంచి కూడా ఒక్కో వైపు 135 కోల్పోతుంది. అందుకే అన్ని స్లైడ్లనూ ఒకే కాన్వాస్‌లో పేజీలుగా చేయండి. అప్‌లోడ్ చేసేటప్పుడు ప్రివ్యూలో బొమ్మ చదరంగా కనిపిస్తే, ముందుకు వెళ్ళకుండా అక్కడున్న క్రాప్ గుర్తు నొక్కి పూర్తి సైజుకు మార్చండి.

కొత్తగా టెంప్లేట్ మొదలుపెట్టేవాళ్ళు 1080 × 1440, అంటే 3:4 కూడా పెట్టుకోవచ్చు. గ్రిడ్‌ది కూడా అదే నిష్పత్తి కాబట్టి పక్కల కోత ఉండదు. ఇప్పటికే 4:5 టెంప్లేట్లు బోలెడు ఉంటే మాత్రం వాటిని తిరగరాయడం దండగ, పక్కల మార్జిన్ సరిచేస్తే చాలు.

పోస్ట్ చేసే ముందు లేత రంగు పెట్టెను తీసేయడం మర్చిపోకండి (నేను మర్చిపోయాను). తర్వాత కవర్‌ను ఫోన్ గ్యాలరీలో తెరిచి, 3:4కి క్రాప్ చేసి, స్క్రీన్ వెడల్పులో మూడో వంతుకు కుదించి చూడండి. 1080 పిక్సెళ్ళ బొమ్మలో 40 సైజు అక్షరం ఆ కొలతలో 13 అవుతుంది, చదవలేరు. కవర్ హెడ్డింగ్ 90కి తగ్గకుండా ఉంచి, అది ఆ మూడో వంతులో పట్టడం లేదంటే మాటలు తగ్గించండి, మార్జిన్ కాదు.