ఎండలు ముదరకముందే: హైడ్రోపోనిక్ లెట్యూస్ తొట్టిలో ఈసీ, పీహెచ్ విషయంలో జాగ్రత్తలు

హైదరాబాదులో మేడమీద మట్టి లేకుండా లెట్యూస్ పెంచడం మొదలుపెట్టినవారికి చలికాలం పెద్దగా ఇబ్బంది కలిగించదు. మార్చి వచ్చేసరికి అదే తొట్టి, అదే పోషక మందు, అదే మోతాదు ఉన్నప్పటికీ ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. చాలామంది దీనిని పోషకాల కొరతగా భావించి మరికొంత ద్రావణం కలుపుతారు. ఎండాకాలంలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ పొరపాటు వల్లనే జరుగుతుందని నా అభిప్రాయం.

ఈసీ అంటే నీటి విద్యుత్ వాహకత. నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎంత ఉన్నాయో అది చెబుతుంది గాని, అవి ఏ లవణాలో చెప్పదు. లెట్యూస్‌కు సాధారణంగా 0.8 నుండి 1.2 మిల్లీసీమెన్స్ వరకు సరిపోతుంది. లేత నారుకు అందులో సగం చాలు. ఎండాకాలంలో మాత్రం 0.9 దగ్గర ఆపడం మంచిది. వేడికి మొక్క నీటిని ఎక్కువగా, లవణాలను అంతకంటే తక్కువగా పీల్చుకుంటుంది గనుక, తొట్టిలో మిగిలిన ద్రావణం రోజురోజుకూ చిక్కబడుతుంది. చిక్కటి ద్రావణం నుండి వేరు నీటిని తేలికగా లాగలేదు. నీటితోపాటు పైకి వెళ్లవలసిన కాల్షియం లోపలి లేత ఆకులకు చేరక, వాటి అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

కాబట్టి ముందుగా చూడవలసింది మీటరు. ఈసీ మీటరును 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంలోను, పీహెచ్ మీటరును 4.01, 6.86 బఫర్ ద్రావణాలలోను ముంచి సరిచూసుకోవాలి. మీటరు పీపీఎంలో చూపిస్తే, అది ఏ లెక్కన చూపుతోందో తెలుసుకోవాలి. ఒకే 1.0 ఈసీని కొన్ని మీటర్లు 500గాను, మరికొన్ని 700గాను చూపిస్తాయి. అందుకే కొత్తవారు ఈసీ అంకెనే నమ్ముకోవడం మేలు.

తరువాత చూడవలసింది నీరు. మందు కలపకముందే బోరు నీటి ఈసీ 1.2 ఉందనుకుందాం. ఆ నీటిలో మొక్కకు ఉపయోగపడని సోడియం, బైకార్బొనేట్ కూడా ఉంటాయి గనుక, మీటరు చూపే అంకె సరిపోయినా మొక్క ఆకలితోనే ఉంటుంది. అటువంటప్పుడు 40 లీటర్ల తొట్టికి 10 లీటర్ల బోరు నీరు, 30 లీటర్ల ఆర్వో నీరు కలిపితే, ఆర్వో నీటి ఈసీ 0.05 అయినచో, మిశ్రమం సుమారు 0.34 వద్ద ఉంటుంది. దానికి, రెండు భాగాలుగా వచ్చే పోషక మందులోని ‘ఎ’ ద్రావణాన్ని కొద్దిగా పోసి బాగా కలియబెట్టి, ఆ తరువాతనే ‘బి’ ద్రావణాన్ని అంతే కొలతలో పోస్తూ, మధ్యమధ్య కొలుస్తూ 0.9కి చేర్చాలి. రెండు చిక్కటి ద్రావణాలను నేరుగా ఒకదానిలో ఒకటి పోయరాదు. ఒకదానిలోని కాల్షియం, మరొకదానిలోని సల్ఫేట్, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా అడుగున దిగిపోతుంది, ఇక అది మొక్కకు అందదు.

నాలుగు రోజుల ఎండ తరువాత ఆ తొట్టి 30 లీటర్లకు తగ్గి, ఈసీ 1.15కు పెరిగిందనుకుందాం. ఇప్పుడు 0.9 ఈసీకి మందు కలిపిన 10 లీటర్ల నీటిని పోస్తే ఈసీ 1.09 వద్దనే నిలుస్తుంది, తరువాతి వారం ఇంకా పైకి పోతుంది. మందు కలపని 10 లీటర్ల ఆర్వో నీటిని పోస్తే 0.88కి దిగుతుంది. నీటిమట్టం తగ్గుతూ ఈసీ పెరుగుతుంటే మొక్క దాహంతో ఉందని, మట్టంతోపాటు ఈసీ కూడా తగ్గుతుంటే ఆకలితో ఉందని గ్రహించాలి. అందుకే ఒక్కసారి చూసిన అంకె కంటే, రోజూ ఉదయం ఒకే సమయానికి రాసుకున్న అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. ఇలా నింపుకుంటూ వచ్చినా, పనికిరాని లవణాలు పేరుకుపోతాయి గనుక, ఎండాకాలంలో వారం పది రోజులకొకసారి ద్రావణాన్ని పూర్తిగా మార్చాలి.

పీహెచ్‌ను మందు కలిపిన తరువాతనే సరిచేయాలి, ఎందుకంటే మందు కూడా దానిని కొంత తగ్గిస్తుంది. 5.5 నుండి 6.5 మధ్య ఉన్నంతవరకు దాని జోలికి పోనవసరం లేదు. 6.5 దాటి చాలా రోజులు నిలిస్తే ఇనుము అందక, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండగానే పసుపుబారుతాయి. పలుచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 1 మిల్లీలీటరు చొప్పున పోసి, కలియబెట్టి, పావుగంట ఆగి కొలవాలి. బోరు నీటిలోని బైకార్బొనేట్ వల్ల మరునాటికి పీహెచ్ మళ్లీ పెరగవచ్చు. అది మీటరు లోపం కాదు. నిమ్మరసం వాడితే సూక్ష్మజీవులు దానిని తినివేస్తాయి గనుక ఫలితం నిలవదు. పలుచన చేసేటప్పుడు చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ధరించి, ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు.

ఈసీ, పీహెచ్ రెండూ సరిగా ఉన్నా మధ్యాహ్నం మొక్కలు వాలిపోతుంటే, వేర్లను పైకెత్తి చూడాలి. తెల్లగా ఉండవలసిన వేర్లు గోధుమరంగులోకి మారి, జిగటగా ఉండి వాసన వేస్తుంటే, నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గడం వల్ల వేరుకుళ్లు పట్టిందని అర్థం. తొట్టిని నీడకు మార్చి, గాలి పంపు నడిపి, నీటిని 25 డిగ్రీల లోపు ఉంచాలి. మందు పెంచడం దీనికి చికిత్స కాదు. మధ్యకాండం నిలువుగా సాగడం మొదలైన మొక్కను మాత్రం ఏ సవరణా ఆపలేదు. ఆకులు చేదెక్కకముందే దానిని కోసివేయాలి.