ముత్తవ్వ చీర నలుపా, ఎరుపా?

విశాఖపట్నంలోని మా ఇంట్లో ఉన్న 1930ల నాటి నలుపు-తెలుపు కుటుంబ ఫొటో సముద్రపు తేమకు బూజుపట్టి, అంచుల్లో వెండిపొర తేలి మెరుస్తూ ఉండేది. తడిబట్ట తగిలితే జిలటిన్ పొర మెత్తబడి బొమ్మతో సహా ఊడివస్తుంది కనుక, మెత్తని కుంచెతో దుమ్ము మాత్రమే దులిపి, 600 డీపీఐలో స్కాన్ చేసి, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీతలను వేరే లేయర్‌పై పూడ్చాను. ముఖాల జోలికి వెళ్లలేదు.

అసలు చిక్కు ఆ స్కాన్‌కు రంగులు వేసే దగ్గర వచ్చింది. చిత్రంలో ముత్తవ్వ చీర దాదాపు నల్లగా ఉంది; అది ఆమె ఎర్ర పట్టుచీరేనని మా పెద్దమ్మ చెప్పింది. ఆ కాలంలో విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫొటో ప్లేట్లు ఎరుపును గ్రహించవు, అందువల్ల ఎర్రని బట్ట నల్లగానూ, నీలం వెలిసినట్టుగానూ పడతాయి. కనుక పెద్దమ్మ మాట నమ్మదగినదే. అయితే కింది వెలుగునీడలను అలాగే ఉంచి రంగును మాత్రమే మార్చే Color మోడ్‌లో నలుపుపై ఎరుపు వేస్తే ఏమీ కనిపించదు. కాబట్టి చీర వరకే మాస్క్ చేసి, వెలుగునీడలను సవరించే Curves తో కుచ్చిళ్ల మడతలు కనబడేదాకా తేలికచేసి, ఆపైన ముదురు కుంకుమ రంగును పలుచగా వేశాను. మడతలే నమోదు కాని చోట కొత్తవి గీయలేదు.

ముత్తాత పంచెకు, ఉత్తరీయానికి తళతళలాడే తెలుపు కాక కోరా ఛాయ ఇచ్చాను. వితంతువైన ఆయన తల్లి కట్టుకున్న ముతక తెల్లచీరకు రంగు అద్దడం నాకు సబబనిపించలేదు. దానిని అలాగే ఉంచి, ప్రింటు వెనుక ఏ రంగు పెద్దమ్మ చెప్పినదో, ఏది నా ఊహో రాశాను.