కాన్పులోపు రక్తం పెరగాలంటే: మాత్రలా, సెలైన్‌లో ఐరనా?

కాన్పులో ఎంతోకొంత రక్తం పోవడం మామూలే. హిమోగ్లోబిన్ 11 ఉన్నామె తట్టుకునే నష్టమే 8 ఉన్నామెకు ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఎంత తక్కువుందో చూడటంతో పాటు కాన్పుకు ఎన్ని వారాలుందో కూడా లెక్కేసి మందు ఎంచుకోవాలి.

50 కిలోల గర్భిణికి 26వ వారంలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చిందనుకుందాం. వ్యవధి ఉంది కాబట్టి మాత్రలతో మొదలుపెట్టొచ్చు. పీహెచ్‌సీలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్ ఉంటుంది, ఈమెకు రోజుకు రెండు. మాత్ర వేసుకునే ముందూ తర్వాతా గంటసేపు టీ, కాఫీ, పాలు వద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: రెండూ కలిపి రాత్రి అన్నం తిన్నాక మింగేస్తారు, దాంతో ఐరన్ సరిగా ఒంటబట్టదు. మలం నల్లగా వస్తే కంగారు అక్కర్లేదు. వికారంగా ఉంటే మానేయకుండా డాక్టరుకు చెప్పాలి.

నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష. కనీసం 1 గ్రాము పెరగాలి. మొదట వేలు గుచ్చి, తర్వాత నరం నుంచి తీసి చూస్తే పద్ధతి తేడాతోనే అంకె మారొచ్చు. రెండుసార్లూ ఒకే ల్యాబులో, నరం నుంచి తీసిన రక్తంతోనే చూపించుకోండి.

ఈమెకు 30వ వారంలో 8.7 వచ్చింది. పెరిగింది 0.3 మాత్రమే, కాన్పు దగ్గరపడుతోంది. మాత్రలు సరిగానే వేసుకున్నా ఇంతే అయితే, లోపం ఐరన్‌దేనని ఒంట్లో ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్షతో తేల్చుకుని, ఐరన్‌ను నరానికి ఎక్కించడం మేలు. కావలసిన మోతాదు: బరువు × (11 − ఇప్పటి హిమోగ్లోబిన్) × 2.4 + 500. అంటే 50 × 2.3 × 2.4 = 276, నిల్వలకు 500 కలిపితే 776 మి.గ్రా. నరానికి ఎక్కించే మందు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఇది ఒకే విడతలో, కనీసం 15 నిమిషాల పాటు ఎక్కించొచ్చు. ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున రోజు విడిచి రోజు నాలుగుసార్లు తిరగాలి. మొదటి మూడు నెలల్లో ఏదీ ఎక్కించరు. అయిపోయాక అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి. ఆయాసం, దద్దుర్లు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చెప్పాలి. సూది దగ్గర మంట పుడితే ఓర్చుకోవద్దు: మందు చర్మం కిందికి కారితే గోధుమరంగు మచ్చ నెలల తరబడి పోదు.

ఎక్కించిన వారానికే ఫెరిటిన్ చూస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, దానికి అర్థం లేదు. నాలుగు వారాల తర్వాత హిమోగ్లోబిన్‌నే చూడాలి. 7 కంటే తక్కువుండి ఏడో నెల దాటితే మాత్రం ఇంత ఆగకుండా ఆసుపత్రిలో చేరాలి. 5 లోపైతే ఏ నెలలోనైనా చేరాల్సిందే, రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ఐరన్ ఎక్కించాకా హిమోగ్లోబిన్ పెరగకపోతే బీ12 లోపం, కొంకిపురుగులు, దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్ వెతకాలి. ఎర్ర కణాలు చిన్నవిగా ఉండి ఫెరిటిన్ బాగుంటే వంశపారంపర్యంగా వచ్చే తలసీమియా జన్యువు ఉండి ఉండొచ్చు. హెచ్‌బీఏ2 పరీక్షలో అదే తేలితే భర్తకూ ఆ పరీక్ష చేయించాలి.