కిరాణా లెక్కలు, 4వ పాఠం: ఒక్కసారికి ఎన్ని టిన్నులు తెప్పించాలి?

పోయిన పాఠంలో ఖాతా పుస్తకం ముందేసుకుని ఏడాదికి ఎంత సరుకు అమ్ముడవుతోందో లెక్క తీశాం కదా, ఆ అంకె ఇప్పుడు చేతిలో ఉండాలి. మా పర్లాకిమిడి కొట్టులో 15 కిలోల నూనె టిన్నులు నెలకు 100 చొప్పున ఏడాదికి 1200 పోతాయి. అందులో సగానికి పైగా టిఫిన్ హోటళ్ల వాళ్లే పట్టుకెళ్తారు కాబట్టి నెలనెలా పెద్దగా తేడా రాదు. ఈ లెక్కకు అలాంటి సరుకే కావాలి, పెళ్లిళ్లప్పుడు మాత్రమే కదిలే వాటికి ఇది పనికిరాదు.

సరుకు శ్రీకాకుళం నుంచి వస్తుంది. బండి వచ్చిన ప్రతిసారీ కిరాయి 1,900, డ్రైవరు బత్తా 200, ఆ రోజుకని పిలిచే మనిషి కూలి 300, మొత్తం 2,400. బండిలో పది టిన్నులున్నా వంద ఉన్నా ఇది మారదు, అందుకే దీన్ని తెప్పించే ఖర్చు అంటాం. టిన్నుకింత అని ఇచ్చే హమాలీ ఇందులో కలపకండి, అది ఎన్నిసార్లు తెప్పించినా ఏడాదికి అంతే అవుతుంది. నెల జీతం కుర్రాడి జీతమూ అంతే.

రెండోది నిల్వ ఖర్చు. టిన్ను 2,000 అనుకుందాం. నూటికి రూపాయిన్నర వడ్డీ మీద తెచ్చిన డబ్బు కాబట్టి ఏడాదికి 360, మూల నొక్కుకుపోయి కారేవి, ఎలుకలు, గోడౌన్ అద్దె అన్నీ కలిపి ఇంకో 40, అంటే టిన్నుకు ఏడాదికి 400. గోడౌన్ మీ సొంత గదై ఊరికే ఖాళీగా పడి ఉంటే అద్దె వేసుకోవద్దు.

ఎక్కువసార్లు తెప్పిస్తే బండి తినేస్తుంది, ఒకేసారి దింపుకుంటే వడ్డీ తినేస్తుంది. రెండూ కలిపి ఎక్కడ తక్కువవుతాయో చెప్పే సూత్రాన్ని 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజినీరు రాశాడు. దీన్నే ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ, పొట్టిగా ఈఓక్యూ అంటారు:

```
Q = √(2 × D × S / H)
  = √(2 × 1200 × 2400 / 400)
  = √14400 = 120
```

D ఏడాది అమ్మకం, S ఒక్కసారి తెప్పించే ఖర్చు, H ఒక టిన్ను ఏడాది నిల్వ ఖర్చు. అంటే ఒక్కసారికి 120 టిన్నులు, ఏడాదికి పది ట్రిప్పులు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి D దగ్గర నెల అమ్మకం 100 వేసి, H మాత్రం ఏడాదిదే ఉంచేశాను. 35 వచ్చింది. అప్పటికి నేను తెప్పిస్తున్నది 40, అంటే మన అలవాటే సరైనదన్నమాట అని సంబరపడి పుస్తకం మూసేశాను! తెలిసిన జవాబుకు దగ్గరగా వస్తే తప్పు ఎవరికీ కనబడదు కదా.

సరిచూసుకునే దారి ఒకటుంది. వచ్చిన Qతో రెండు ఖర్చులూ విడివిడిగా కట్టండి, అవి సమానంగా రావాలి. 120కి పది ట్రిప్పులు, 24,000. నిల్వకు మాత్రం సగం టిన్నులే లెక్క, ఎందుకంటే దిగిన రోజు 120 ఉంటే, ఐదు వారాలు తిరిగేసరికి అడుగంటుతాయి, సగటున కొట్టులో ఉండేవి 60. 60 × 400 కూడా 24,000. మొత్తం 48,000. అదే నా 35తో కట్టి చూస్తే బండి ఖర్చు 82 వేలు దాటింది, నిల్వ 7,000. అంత తేడా వచ్చిందంటే నెలకూ ఏడాదికీ ఎక్కడో ముడిపడిందని అర్థం. పాత అలవాటు 40తో మొత్తం ఎంతయ్యేదో మీరే కట్టండి, 80,000 వస్తుంది.

ఇక అసలు చిక్కు. నిండు టిన్ను దాదాపు 16 కిలోలు, నేను పిలిచే పికప్‌లో సుమారు 1,600 కిలోలకు మించి వెయ్యను, అంటే వందే. 120 కోసం రెండో బండి పిలిస్తే S రెట్టింపై లెక్కంతా మారిపోతుంది. మరి 100తో సరిపెట్టుకుంటే నష్టమెంత? 12 ట్రిప్పులకు 28,800, నిల్వకు 20,000, కలిపి 48,800. ఏడాది మొత్తానికి 800 ఎక్కువ, అంతే. అదే ఖర్చుకు పెద్ద బండి దొరికి 150 తెప్పించినా 49,200 దాటదు. 120కి అటూ ఇటూ కొంచెం జరిగినా ఖర్చు పెద్దగా కదలదు, బాగా దూరం పోతేనే, 40 లాగా, దెబ్బ తగులుతుంది. అందుకే నేను నిండు బండి వంద దగ్గరే ఆగిపోయాను, S, H అంచనాలు కాస్త అటూఇటూ అయినా టెన్షన్ పడను.

నూనె ధర బాగా మారినప్పుడు మాత్రం H మారుతుంది కాబట్టి మళ్లీ కట్టాలి.

ఇంటి పని: మీ కొట్టులో నెలనెలా ఒకే తీరుగా కదిలే సరుకు ఒకటి తీసుకుని Q కట్టండి, రెండు ఖర్చులూ పక్కపక్కన రాయండి. ఎన్ని తెప్పించాలో ఇది చెప్పింది గానీ, కొట్టులో ఎన్ని మిగిలినప్పుడు ఫోన్ చేయాలో చెప్పలేదు, అది 5వ పాఠంలో.