ఎడ్మన్ పద్ధతిలో పెప్టైడ్‌ను చదివే ముందు, చదివేటప్పుడు జాగ్రత్తలు

అమైనో ఆమ్లాల చిన్న గొలుసైన పెప్టైడ్‌ను, ఆ వరసను చదివే సీక్వెన్సర్‌లో పెడితే మళ్లీ చేతికి రాదు. ఒక్కో సైకిల్‌లో ఒక్కో అమైనో ఆమ్లం తెగిపోతుంది, తెగినది తిరిగి అతకదు. అందుకే మెషిన్ మొదలుపెట్టక ముందు తీసుకునే జాగ్రత్తలకే ఎక్కువ విలువ.

పేర్ ఎడ్మన్ 1950లో ప్రకటించిన ఈ పద్ధతి మూడు అడుగుల్లో నడుస్తుంది. కొద్దిగా క్షారంగా ఉన్న వాతావరణంలో ఫినైల్ ఐసోథయోసయనేట్ వెళ్లి పెప్టైడ్ మొదటి కొసలోని అమైన్‌ను పట్టుకుంటుంది. తర్వాత నీరు లేని ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం ఆ మొదటి అమైనో ఆమ్లాన్ని మాత్రమే తెంచుతుంది. తెగిన ముక్కను ద్రావకంతో బయటికి లాగి, స్థిరంగా ఉండే ఫినైల్‌థయోహైడాంటోయిన్, అంటే పీటీహెచ్ రూపంలోకి మార్చి, క్రొమటోగ్రఫీలో ఎంతసేపటికి బయటికొచ్చిందో చూసి గుర్తిస్తారు. మిగిలిన పెప్టైడ్‌కు కొత్త కొస ఏర్పడుతుంది, దానిమీద మళ్లీ అదే వరస.

రసాయనం పట్టుకునేది అమైన్‌ను కాబట్టి మొదటి జాగ్రత్త అక్కడే. ట్రిస్, గ్లైసిన్, అమ్మోనియం లవణాలు ఉన్న బఫర్‌లో నమూనా ఇస్తే, అవి కూడా ఆ రసాయనాన్ని తినేస్తాయి. గ్లైసిన్ అయితే ఇంకా ప్రమాదం, మొదటి సైకిల్‌లో అసలు అమైనో ఆమ్లంలాగే కనిపిస్తుంది. మొదటి సైకిల్‌లో పెద్దగా కనిపించి రెండో దానిలో దాదాపు మాయమైన గ్లైసిన్‌ను వెంటనే నమ్మకండి. నమూనాను ముందే రివర్స్ ఫేజ్ కాలమ్‌లో శుద్ధి చేసి, ఆవిరైపోయే ద్రావకంలో ఇవ్వడం మేలు. పాత యూరియా ద్రావణంలో ఉంచిన పెప్టైడ్‌ను పంపకండి. యూరియా నుంచి పుట్టే సయనేట్ మొదటి కొసను మూసేస్తుంది.

కొస మూసుకుపోతే ఏ సైకిల్‌లోనూ ఏదీ పైకి లేవదు. ఆ కొసన గ్లూటమిన్ ఉంటే అది తనంతట తానే వలయంగా ముడుచుకుని పైరోగ్లూటమేట్ అవుతుంది. దాన్ని ప్రత్యేక ఎంజైమ్‌తో తొలగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎసిటైల్ గుంపు అంటుకుని ఉంటే ఈ పద్ధతి దాన్ని తెంచలేదు, మాస్ స్పెక్ట్రోమెట్రీకి వెళ్లడమే మంచిది.

చదివేటప్పుడు అందరూ ఎక్కువగా తడబడేది ప్రోలిన్ దగ్గర. లూసిన్, అలనిన్, ప్రోలిన్, గ్లైసిన్, వాలిన్, లైసిన్, ఐసోలూసిన్, ఫినైల్‌అలనిన్ అనే వరసున్న పెప్టైడ్‌ను తీసుకుందాం. మొదటి సైకిల్‌లో 50 పికోమోల్ లూసిన్, రెండోదానిలో 47 అలనిన్ వచ్చాయనుకోండి. అంటే సైకిల్‌కు 94 శాతం దిగుబడి, మూడోదానిలో 44 ప్రోలిన్ రావాలి. వచ్చింది 38. ప్రోలిన్ నెమ్మదిగా తెగుతుంది, మిగిలిన 6 పికోమోల్ వెనకపడ్డాయి. నాలుగో సైకిల్‌లో 36 గ్లైసిన్‌తోపాటు దాదాపు 6 ప్రోలిన్ కనిపిస్తుంది. ఐదోదానిలో 34 వాలిన్, 5 గ్లైసిన్. ఇలా వెనకపడిన అణువులు చివరిదాకా ఒక సైకిల్ ఆలస్యంగానే నడుస్తాయి. అందుకే ఒక సైకిల్‌లో ఏది ఎక్కువగా ఉందో చూస్తే చాలదు, ముందు సైకిల్‌తో పోల్చి కొత్తగా ఏది పెరిగిందో చూడాలి. ప్రోలిన్ ఎక్కడుందో ముందే తెలిస్తే ఆ సైకిల్‌లో ఆమ్లానికి ఎక్కువ సమయం ఇవ్వండి. దిగుబడి 94 శాతమే అయితే 20 సైకిళ్లకు మూడో వంతుకన్నా తక్కువే మిగులుతుంది. ఆపైన వెనకబాటు కూడా తోడైతే అసలు సంకేతం గుర్తుపట్టరాదు.

లూసిన్, ఐసోలూసిన్‌ల బరువు ఒకటే అయినా వాటి పీటీహెచ్ రూపాలు వేర్వేరు సమయాల్లో బయటికి వస్తాయి. మామూలు మాస్ స్పెక్ట్రోమెట్రీ తేల్చలేనిది ఈ పద్ధతి తేలిగ్గా తేలుస్తుంది. అయితే ఆ రోజు ప్రమాణ మిశ్రమాన్ని ముందు నడిపించి, ఆ సమయాలతోనే పోల్చాలి. సిస్టీన్ ఉందన్న అనుమానముంటే దాన్ని ముందే ఆల్కైలేషన్ చేయించండి, లేదంటే ఆ సైకిల్ ఖాళీగా కనిపిస్తుంది.

పొట్టి పెప్టైడ్‌కు మరో ముప్పు కొట్టుకుపోవడం. చివరికొచ్చేసరికి రెండు మూడు అమైనో ఆమ్లాలే మిగులుతాయి, ముక్కను బయటికి లాగే ద్రావకం వాటినీ మోసుకుపోతుంది. లైసిన్ పక్కగొలుసులోని అమైన్‌ను కూడా రసాయనం మొదటి సైకిల్‌లోనే కప్పేస్తుంది కాబట్టి, నమూనాను మోసే గాజు పొరకు పెప్టైడ్‌ను పట్టి ఉంచే ధనావేశం పోయి అది ఇంకా తేలిగ్గా జారిపోతుంది. పొరకు పాలీబ్రీన్ అనే ధనావేశపు పాలిమర్ పూయడం సాయపడుతుంది. చివరి కొసను పొరకు రసాయనికంగా అతికిస్తే ఇంకా గట్టి.

ఇంత చేసినా పై ఉదాహరణలోని ఎనిమిదోది కనిపించకపోవచ్చు. అందుకే కొంత నమూనా పక్కన పెట్టి బరువు కొలిపించండి. చదివిన ఏడింటి లెక్కకన్నా బరువు 147 ఎక్కువుంటే చివరిది ఫినైల్‌అలనిన్ కావచ్చు. కానీ ఆక్సీకరణ చెందిన మెథియోనిన్ బరువూ దాదాపు అంతే, తేడా దశాంశ స్థానాల్లోనే ఉంటుంది. అంత సూక్ష్మంగా కొలిచే యంత్రంలోనే చూపించండి.