పొద్దున్నే ట్రిప్ అయ్యే చిల్లర్: నా అనుభవం

మా హోటల్లో ఏసీకి చల్లదనం ఇస్తూ, ఆ తీసిన వేడితోనే స్నానాల నీళ్లు కాచే హీట్ రికవరీ చిల్లర్ పొద్దున ఎనిమిదింటికి, అందరూ స్నానాలు చేసే వేళకే, హై ప్రెషర్‌తో ట్రిప్ అయ్యేది. ముందు కండెన్సర్‌లో పాచి పట్టిందనుకుని శుభ్రం చేయించాను, దండగ.

చివరికి, చిల్లర్ వేడితో చన్నీళ్లను ముందుగా కాచే ప్రీహీట్ ట్యాంక్ అడుగు పైపు మీద చేయి పెట్టాను. కాలింది! అక్కడ చన్నీళ్లు ఉండాలి. చూస్తే, గదుల నుంచి తిరిగొచ్చే 54 డిగ్రీల సర్క్యులేషన్ లైన్‌ను అక్కడే కలిపారు. 55 డిగ్రీలు దాటి ఇవ్వలేని చిల్లర్‌కు వేడి వదిలే చోటే లేదు.

ఆ లైన్‌ను బాయిలర్ 60 దగ్గర ఉంచే రెండో ట్యాంక్‌కు మార్చాను. ప్రీహీట్‌లోకి ఇప్పుడు చన్నీళ్లే వస్తాయి, ట్రిప్‌లు ఆగాయి. మధ్యాహ్నం వాడకం తగ్గి ట్యాంక్ నిండా వేడెక్కితే మాత్రం, త్రీవే వాల్వ్ మిగులు వేడిని కూలింగ్ టవర్‌కు పంపుతుంది.